రెండు పైసల తేడా ఎక్కడిది?

*మాది బెంగళూరు పీణ్యలో చిన్న లేత్ వర్క్‌షాప్. పని అన్నయ్య చూస్తాడు, అకౌంట్స్ నేను చూస్తాను. ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర 13.5 శాతం వడ్డీకి లిమిట్ తీసుకుని వాడుకుంటున్నాం. నెల నెలా వచ్చే స్టేట్‌మెంట్‌లో రోజుకో వరుస చొప్పున ఆ రోజు బాకీ, ఆ రోజు వడ్డీ ఉంటాయి. అడుగున మొత్తం ఉంటుంది. జూన్ వరుసలన్నీ కూడితే నాకు 4,204.56 వస్తోంది. అడుగున మాత్రం 4,204.58 అని ఉంది. మే నెలలో తిరగబడింది. నా కూడిక 4,933.72, వాళ్ల మొత్తం 4,933.68. ఎన్నిసార్లు కూడినా అంతే. రెండు పైసలకు ఇంత టెన్షనా అని అన్నయ్య నవ్వుతున్నాడు. కానీ కూడికే తప్పు చేసేవాళ్లను మిగతా లెక్కల్లో ఎలా నమ్మడం? రెండు స్టేట్‌మెంట్లూ జత చేస్తున్నాను.*

*– ఒక పాఠకురాలు, పీణ్య, బెంగళూరు*

మీరు పంపిన రెండు నెలల వరుసలూ లెక్క వేసి చూశాను. మీ కూడిక సరైనదే, వాళ్ల మొత్తమూ సరైనదే. అడుగున ఉన్న అంకె మీకు కనిపిస్తున్న వరుసల మొత్తం కాదు. చిక్కంతా అక్కడే ఉంది, ఆ సంగతి స్టేట్‌మెంట్ మీద ఎక్కడా రాయరు.

జూన్ 1వ తేదీ వరుస తీసుకోండి. ఆ రోజు బాకీ 4,20,000. దాని మీద 13.5 శాతమంటే ఏడాదికి 56,700 రూపాయలు. దాన్ని 365తో భాగిస్తే ఒక రోజు వడ్డీ 155.342465... ఇలా ఎక్కడా ఆగకుండా సాగుతుంది. కాగితం మీద పైసల దాకానే చోటుంది కాబట్టి 155.34 అని వేశారు. లోపల కంప్యూటర్‌లో మాత్రం ఆ పొడవాటి అంకె అలాగే ఉంది. నెలాఖరున అది ముప్పై పొడవాటి అంకెలనూ కూడి, వచ్చినదాన్ని చివర్లో ఒక్కసారి పైసలకు సరిచేసింది. మీరు ముందే పైసలకు సరిచేసిన ముప్పై అంకెలను కూడారు. సరిచేసి కూడటం, కూడి సరిచేయడం రెండూ ఒకటి కావు. ఎప్పుడైనా కలిశాయంటే అదృష్టం కొద్దీ కలిసినట్టే.

ఇంతవరకూ ఎవరైనా చెప్తారు. "రౌండింగ్ వల్ల మేడమ్" అని ఆ కంపెనీ కస్టమర్ కేర్ వాళ్లు కూడా అంటారు. కానీ ఆ మాటతో ఊరుకోవడం నాకు నచ్చదు. రౌండింగ్ వల్ల తేడా వస్తే అది ఎంత రావాలో పైసాతో సహా లెక్క కట్టవచ్చు. కట్టినప్పుడు తేలితే అది రౌండింగే. తేలకపోతే రౌండింగ్ అన్న పేరు చాటున ఇంకేదో దాగి ఉందని అర్థం. మీ జూన్ నెలనే పట్టుకుని చూద్దాం.

మీ బాకీ జూన్‌లో నాలుగు మెట్లుగా ఉంది. మొదటి తొమ్మిది రోజులు 4,20,000. అసలు రోజు వడ్డీ 155.342466, అచ్చయినది 155.34. అంటే రోజుకు దాదాపు పావు పైసా కాగితం మీదికి రాలేదు. తొమ్మిది రోజులకు అది 2.22 పైసలు. 10 నుంచి 17 దాకా ఎనిమిది రోజులు బాకీ 3,65,500. అసలు వడ్డీ 135.184932, అచ్చయినది 135.18. ఇక్కడ రోజుకు దాదాపు అర పైసా పోయింది, ఎనిమిది రోజులకు 3.95 పైసలు. ఈ రెండు మెట్లలోనూ కాగితం అసలుకంటే తక్కువ చూపించింది.

తర్వాతి రెండు మెట్లలో గాలి అటు తిరిగింది. 18 నుంచి 24 దాకా ఏడు రోజులు బాకీ 4,10,250. అసలు వడ్డీ 151.736301 అయితే కాగితం మీద 151.74 పడింది, అంటే ఎక్కువ చూపించారు. ఏడు రోజులకు ఆ ఎక్కువ 2.59 పైసలు. చివరి ఆరు రోజులు బాకీ 2,98,700. అసలు 110.478082, అచ్చయినది 110.48, ఆరు రోజులకు 1.15 పైసలు ఎక్కువ.

తక్కువ చూపించినవి 2.22, 3.95. ఎక్కువ చూపించినవి 2.59, 1.15. ఇవి కూడి తీసేస్తే 2.43 పైసలు వస్తుంది. నిజానికి రావలసింది 2.42. ఆ నాలుగు అంకెలనూ నేను రెండు దశాంశాలకు సరిచేసి మీకు రాశాను కదా, అందుకే ఇక్కడా అదే వ్యవహారం తలెత్తింది. నవ్వుకుని ముందుకు పోదాం. మీ కూడిక 4,204.56కు ఈ 2.42 పైసలు కలపండి. 4,204.5842 అవుతుంది. పైసలకు సరిచేస్తే 4,204.58, అడుగున వాళ్లు వేసింది అదే.

దీన్ని ఇంకో దారిలో కూడా సరిచూసుకోవచ్చు. ప్రతి మెట్టులో బాకీని రోజులతో గుణించి అన్నీ కూడండి. బ్యాంకుల వాళ్లు ప్రాడక్ట్ అనేది దీన్నే. మీకు జూన్‌లో అది 1,13,67,950. దాన్ని 13.5తో గుణించి 36,500తో భాగిస్తే 4,204.5842 వస్తుంది. రోజువారీ వరుసల జోలికి పోకుండా కాలిక్యులేటర్ మీద నిమిషంలో తేలే లెక్క ఇది. నెలాఖరున మొత్తం సరైనదేనా అని చూడటానికి ఇది చాలు. ముప్పై వరుసలు కూడే ఓపిక అక్కర్లేదు.

ఇక మే నెల ఎందుకు తిరగబడింది? మొదటి పంతొమ్మిది రోజులు మీ బాకీ 4,36,800. దాని రోజు వడ్డీ 161.556164, కాగితం మీద 161.56. రోజుకు 0.38 పైసా ఎక్కువ చూపించడం పంతొమ్మిది రోజులు అలాగే సాగింది. మొత్తం 7.29 పైసలు. మిగతా పన్నెండు రోజులు బాకీ 4,20,000, అంటే మనం పైన చూసిన పావు పైసా తక్కువ మెట్టు. పన్నెండు రోజులకు 2.96 పైసలు. తీసేస్తే 4.33 పైసలు కాగితమే ఎక్కువ చూపించింది. 4,933.72లోంచి అది తీసేస్తే 4,933.6767, సరిచేస్తే 4,933.68. రెండు నెలలూ తేలాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి, చాలామంది దీన్ని పట్టించుకోరు. రౌండింగ్ తేడాలు అటూ ఇటూ కొట్టుకుపోతాయి, పైసా రెండు పైసలు మించవు అని అంటుంటారు. రోజుకో కొత్త బాకీ ఉంటే ఆ మాట దాదాపు నిజమే. కానీ మీలాంటి చిన్న వర్క్‌షాపుల్లో బాకీ వారం పది రోజులు కదలదు. బాకీ కదలకపోతే ప్రతి రోజూ అదే వడ్డీ, అదే దిక్కున అదే పైసా ముక్క. కొట్టుకుపోవడానికి ఎదురుగా ఏమీ ఉండదు, పోగవుతూ పోతుంది. ఒక వరుసలో పోయేది ఎంత ఎక్కువైనా అర పైసా. కాబట్టి ముప్పై రోజుల నెలలో హద్దు 15 పైసలు. బాకీ కదలని నెలలో 12 పైసల తేడా వచ్చినా కంగారు పడక్కర్లేదు, అది రౌండింగే కావచ్చు. రోజూ బాకీ మారే నెలలో 12 పైసలు వస్తే మాత్రం నేనైతే ఊరుకోను.

పదిహేను పైసల లోపు ఉంది కాబట్టి రౌండింగే అని తీర్మానించడం కూడా తప్పే. మొత్తాలను మొత్తాలతో పోల్చడం బలహీనమైన పరీక్ష, ఎందుకంటే రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేసుకోవచ్చు. వరుసల దగ్గరే పట్టుకోవాలి. ఎక్సెల్‌లో A నిలువు గడుల్లో తేదీ, Bలో ఆ రోజు బాకీ, Cలో స్టేట్‌మెంట్ మీద అచ్చయిన వడ్డీ వేయండి. D, E గడుల్లో ఈ రెండు ఫార్ములాలు రాసి కిందికి లాగండి.

```
D2:  =B2*13.5%/365
E2:  =D2-C2
```

E గడులను ఆరు దశాంశాలు కనిపించేలా పెట్టుకోండి. అక్కడ ప్రతి అంకె -0.005, +0.005 మధ్యే ఉండాలి. ఒక్క వరుసైనా ఆ హద్దు దాటితే ఆ వరుసలో ఉన్నది రౌండింగ్ కాదు, ఇంకేదో. అన్నీ హద్దులో ఉంటే E గడుల మొత్తం తీయండి. మీకు జూన్‌లో 0.024247 వస్తుంది, మేలో -0.043288. స్టేట్‌మెంట్ మొత్తానికీ మీ కూడికకూ ఉన్న తేడా జూన్‌లో 0.02, మేలో -0.04. ఈ జతల మధ్య దూరం అర పైసా లోపే ఉంది. ఆ మిగిలిన ముక్క చివర్లో ఒక్కసారి జరిగిన సరిచేయడం తాలూకుది. ఈ రెండు పరీక్షలూ నెగ్గితేనే రౌండింగ్ అని నమ్మాలి. మీవి నెగ్గాయి.

హద్దు దాటే వరుసలు సాధారణంగా ఎక్కడ కనిపిస్తాయో కూడా చెప్తాను, ముందు ముందు పనికొస్తుంది. మీరు డబ్బు కట్టిన రోజు, లేదా లిమిట్ నుంచి తీసుకున్న రోజు మొదటి అనుమానితులు. జూన్ 10న మీరు 54,500 కట్టారు. ఆ రోజుకే బాకీ తగ్గించి వడ్డీ వేశారు, బాగానే ఉంది. ఒకవేళ మరుసటి రోజు నుంచి తగ్గించి ఉంటే ఆ ఒక్క వరుసలో 20 రూపాయల 16 పైసలు తేడా వచ్చేది. సాయంత్రం ఆలస్యంగా పంపిన డబ్బు, ఆదివారం పంపిన డబ్బు విషయంలో ఇలా జరుగుతుంటుంది. అది ఒప్పందంలో రాసుకున్న షరతును బట్టి తేల్చుకోవాల్సిన విషయం, పైసల విషయం కాదు. అలాగే 365 బదులు 360 రోజులతో భాగిస్తే జూన్ వడ్డీ 58 రూపాయల 40 పైసలు పెరిగేది. వీటిలో ఏదీ రెండు మూడు పైసల రూపంలో కనపడదు.

పైసల రూపంలో వచ్చి రౌండింగ్ లాగే కనిపించేది ఒకటుంది. దాన్ని కాస్త నిదానంగా చూడాలి. కొన్ని ప్రోగ్రాముల్లో ముందే ఏడాది రేటును రోజు రేటుగా మార్చి పెట్టుకుంటారు. 13.5ను 365తో భాగిస్తే 0.036986301... శాతం. దాన్ని 0.03699 అని కుదించి పెట్టుకున్నారనుకోండి. కుదించినది చాలా చిన్నది, కానీ అది ప్రతి రూపాయి మీదా ప్రతి రోజూ పని చేస్తుంది. మీ జూన్ వడ్డీ అప్పుడు 4,205.00 అయ్యేది, 42 పైసలు ఎక్కువ. దీనికీ మనం చూసిన రౌండింగ్‌కీ తేడా ఎలా తెలుస్తుందంటే, వరుసల రౌండింగ్ బాకీ ఎంతన్నది పట్టించుకోదు. నాలుగు లక్షల మీదా అర పైసా లోపే, నాలుగు కోట్ల మీదా అర పైసా లోపే. రేటును కుదిస్తే వచ్చే తేడా బాకీతో పాటే పెరుగుతుంది, ఎప్పుడూ ఒకే దిక్కున ఉంటుంది. మీ షీట్‌లో అయితే మొదటి వరుసలోనే దొరికిపోతుంది. 4,20,000 మీద 155.36 అచ్చయ్యేది, E గడిలో -0.0175 కనిపించేది. హద్దుకు మూడింతలు దాటినట్టు. ఇలాంటిది కనపడితే అడగడానికి మీకు పూర్తి హక్కుంది, చిన్న మొత్తమైనా సరే.

మూడో రకం, సరిచేయడం కాకుండా కోసేయడం. అంటే 151.736ను 151.74 చేయకుండా మూడో అంకె నుంచి అవతలిది వదిలేసి 151.73 వేయడం. ఇలా రోజూ కోసి కూడితే మీ జూన్ మొత్తం 4,204.43 అయ్యేది, అసలుకంటే 15 పైసలు తక్కువ. ఇందులో తేడా ఎప్పుడూ తక్కువ వైపే ఉంటుంది. అప్పు తీసుకున్నవాళ్లకు లాభమే కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు. అదే మీ డిపాజిట్ మీద వచ్చే వడ్డీలో ఇలా కోస్తే మాత్రం పట్టించుకోవాలి. చివర్లో ఒక్కసారి సరిచేయడం, రోజూ సరిచేయడం, రోజూ కోసేయడం, ఈ మూడు పద్ధతుల మొత్తాలనూ ఎక్సెల్‌లో ఒకేచోట చూసుకోవచ్చు. ముప్పై రోజులు రెండో వరుస నుంచి 31వ వరుస దాకా ఉన్నాయనుకుంటే:

```
=ROUND(SUM(D2:D31),2)
=SUMPRODUCT(ROUND(D2:D31,2))
=SUMPRODUCT(ROUNDDOWN(D2:D31,2))
```

జూన్‌కు ఇవి వరుసగా 4204.58, 4204.56, 4204.43 ఇస్తాయి. స్టేట్‌మెంట్ అడుగున ఉన్నది దేనితో కలిస్తే ఆ కంపెనీ సిస్టమ్ ఆ పద్ధతిలో నడుస్తోందన్నమాట. ఒక్క నెల కలిస్తే చాలదు, కాకతాళీయంగా కూడా కలవవచ్చు. మీకు రెండు నెలలు, రెండు వేర్వేరు దిక్కుల్లో మొదటిదానితోనే కలిశాయి. అది మంచి సాక్ష్యం.

ఎక్సెల్ దగ్గర ఒక జాగ్రత్త. D గడులను రెండు దశాంశాలు కనిపించేలా మారిస్తే అంకె మారదు, కనిపించేది మాత్రమే మారుతుంది. 155.34 అని కనిపిస్తున్నా లోపల 155.342466 ఉంటుంది, `SUM` దాన్నే కూడుతుంది. అంటే మీ ఎక్సెల్ కూడా ఆ కంపెనీ స్టేట్‌మెంట్ లాగే ప్రవర్తిస్తుంది. ఆ షీట్ ప్రింట్ తీసి మీ ఆడిటర్‌కు ఇస్తే ఆయన కాలిక్యులేటర్ మీద కూడి ఇప్పుడు మీరు నన్నడిగిన ప్రశ్నే మిమ్మల్ని అడుగుతారు. దీనికి మందుగా `Set precision as displayed` అనే ఆప్షన్ పెట్టుకోమని కొందరు సలహా ఇస్తారు. పెట్టుకోకండి. అది ఆ ఫైల్‌లో గడుల్లోకి నేరుగా టైప్ చేసిన అంకెలను కనిపించే మేరకు శాశ్వతంగా సరిచేసేస్తుంది, పోయిన ముక్కలు తిరిగి రావు. సరిచేయాలనుకున్న చోట `ROUND` రాసుకోవడమే పద్ధతి.

ఈ విషయం గురించి వెతికితే బ్యాంకర్స్ రౌండింగ్ అనే మాట మీకు తప్పకుండా ఎదురవుతుంది. సరిగ్గా సగం వచ్చినప్పుడు పైకి కాకుండా దగ్గరి సరిసంఖ్య వైపు సరిచేయడం అది. ఎక్సెల్ గడిలో `=ROUND(2.5,0)` రాస్తే 3 వస్తుంది. అదే ఎక్సెల్ మాక్రోలో `Round(2.5)` రాస్తే 2 వస్తుంది. కాబట్టి పైసల తేడా అనగానే అందరూ దాని మీదికి వేలు చూపిస్తారు. మీ లెక్కలో అది నేరస్థురాలు కాదు, కావడం కూడా చాలా కష్టం. ఎందుకంటే ఆ గొడవ సరిగ్గా అర పైసా వచ్చినప్పుడే పుడుతుంది. 365తో భాగించేటప్పుడు సరిగ్గా అర పైసా రావడం చాలా అరుదు. బాకీ పూర్తి రూపాయల్లో ఉండి, రేటు 13.5 అయితే, ఆ బాకీ 365తో నిశ్శేషంగా భాగం పోతేనే అలా వస్తుంది, అదీ భాగఫలం బేసి సంఖ్య అయితేనే. ఉదాహరణకు 3,66,095 బాకీ ఉంటే రోజు వడ్డీ సరిగ్గా 135.405. అప్పుడు ఒక పద్ధతిలో 135.41, ఇంకో పద్ధతిలో 135.40 వస్తాయి. మీ రెండు నెలల బాకీల్లో ఒక్కటి కూడా 365తో భాగం పోదు. కాబట్టి ఆ కారణాన్ని పక్కన పెట్టేయవచ్చు. ఏడాది వడ్డీని 12తో భాగించి నెలకు లెక్కగట్టే అప్పుల్లో, 360 రోజుల లెక్కలో మాత్రం సగాలు తరచుగా వస్తాయి, అక్కడ దాన్ని అనుమానించడంలో అర్థముంది.

మీది ఫైనాన్స్ కంపెనీ కాబట్టి ఇదంతా కంటికి కనిపించింది. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ అయి ఉంటే బహుశా కనిపించేదే కాదు. డిపాజిట్ల మీద ఇచ్చే వడ్డీని, అప్పుల మీద వేసే వడ్డీని దగ్గరి రూపాయికి సరిచేయాలని బ్యాంకులకు రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. యాభై పైసలు, ఆపైన ఉంటే పై రూపాయి, అంతకంటే తక్కువైతే వదిలేయడం. మీ జూన్ అంకెల్లో 4,204.58 అయినా 4,204.56 అయినా 4,205 అయిపోయేది, మీరు నాకు ఉత్తరం రాసేవారే కాదు. కానీ ఇందులోనూ ఒక మెలిక ఉంది. రోజూ కోసేసే పద్ధతిలో వచ్చిన 4,204.43 మాత్రం 4,204 అవుతుంది. పదిహేను పైసల తేడా యాభై పైసల గీతకు అటూ ఇటూ పడి ఏకంగా రూపాయిగా కనిపిస్తుంది. కాబట్టి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో మీ లెక్కకూ వాళ్ల లెక్కకూ సరిగ్గా ఒక్క రూపాయి తేడా వస్తే, సరిచేయకముందు మీ అంకె యాభై పైసలకు ఎంత దగ్గరలో ఉందో ముందు చూడండి. దగ్గర్లో ఉంటే మళ్లీ ఇదే కథ. 4,204.90 లాంటి చోట ఉండి రూపాయి తేడా వస్తే ఇది కాదు.

సేవింగ్స్ అకౌంట్‌లో కూడా 2010 ఏప్రిల్ 1 నుంచి వడ్డీ రోజువారీ నిల్వ మీదే లెక్కిస్తున్నారు. అంతకు ముందు నెలలో 10వ తేదీ నుంచి నెలాఖరు దాకా ఉన్న కనీస నిల్వ మీద నెలకు ఒక్కసారి లెక్క కట్టేవారు. ఖాతాదారుకు నష్టమే అయినా సరిచూడటం మాత్రం కాగితం మీద అయిపోయేది.

ఇప్పుడు మీ ట్యాలీ సంగతి. వడ్డీ ఎంట్రీ 4,204.58కే వేయండి. మరుసటి నెల మీ కరెంట్ అకౌంట్ నుంచి వాళ్లు తీసుకున్నది అదే కదా. రోజువారీ వరుసలను ఎంట్రీలుగా వేసి, నెలాఖరున మిగిలిన రెండు పైసలను రౌండ్ ఆఫ్ లెడ్జర్‌లోకి తోసేయడం నాకు ఇష్టం లేని పని. ఆ లెడ్జర్ ఒకసారి అలవాటైతే, కారణం తెలియని ప్రతి చిల్లరా అందులోకే పోతుంది. ఏడాది చివర్లో దాన్ని తెరిచి చూస్తే ఏది రౌండింగో, ఏది తప్పు ఎంట్రీయో ఎవరూ చెప్పలేరు. ఆడిటర్ అడిగితే D, E గడులున్న షీట్ చూపించండి, అది చాలు.

కంపెనీకి మెయిల్ రాయాలనుకుంటే వాళ్ల కూడిక తప్పని రాయకండి. అలా రాస్తే తయారుగా ఉన్న జవాబు ఒకటి పంపి చేతులు దులుపుకుంటారు. ఇలా అడగండి: రోజు వడ్డీని ఎన్ని దశాంశాల దాకా ఉంచుతారు, పైసలకు రోజూ సరిచేస్తారా లేక నెలాఖరున ఒక్కసారా, సరిచేశాక మిగిలిన పైసా ముక్కను వదిలేస్తారా లేక వచ్చే నెలకు తీసుకెళ్తారా. ఈ ప్రశ్నలు కస్టమర్ కేర్ వాళ్లు తేల్చేవి కావు కాబట్టి లోపలికి, లెక్కలు తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్తాయి.

చివరి ప్రశ్న ఎందుకు పెట్టానంటే, మే నెలలో అసలు వడ్డీ 4,933.6767 అయితే మీ దగ్గర 4,933.68 తీసుకున్నారు. పైసాలో మూడో వంతు ఎక్కువ తీసుకున్నట్టు. కొన్ని సిస్టమ్‌లు దాన్ని గుర్తుపెట్టుకుని జూన్ లెక్కలో తగ్గిస్తాయి. తగ్గించినా మీ జూన్ మొత్తం 4,204.5810 అవుతుంది, అంటే మళ్లీ 4,204.58. వాళ్లు తగ్గించారా లేదా అన్నది ఈ రెండు నెలల కాగితాలు చూసి చెప్పలేం. ఎప్పుడో ఒక నెలలో మాత్రం ఈ ముక్క అర పైసా గీత దాటిస్తుంది. అప్పుడు E గడులన్నీ హద్దులోనే ఉంటాయి, కానీ వాటి మొత్తానికీ స్టేట్‌మెంట్ తేడాకూ మధ్య అర పైసా కంటే కాస్త ఎక్కువ దూరం కనిపిస్తుంది. మీరు లెక్కించిన మొత్తం కంటే వాళ్లది సరిగ్గా ఒక్క పైసా ఎక్కువో తక్కువో ఉంటుంది. అలాంటి నెల వస్తే కొత్త తప్పు కోసం వెతకకండి. ముందు కిందటి నెల ముక్కను, తక్కువ తీసుకుని ఉంటే ఈ నెల అసలు మొత్తానికి కలిపి, ఎక్కువ తీసుకుని ఉంటే అందులోంచి తీసేసి, మళ్లీ ఒకసారి సరిచేసి చూడండి.